కథంతా ఒక్క పేజీలో: ఏజెంటుకు పంపే నవలా సంగ్రహం



పాత సినిమాల పాటల పుస్తకాలు మీ ఇళ్లలో పెద్దవాళ్ల పెట్టెల్లో ఎప్పుడైనా చూశారా? సినిమాహాలు దగ్గర అమ్మే ఆ పల్చటి పుస్తకంలో పాటలకు ముందు ఒకటి రెండు పేజీల కథ ఉండేది. నాయకుడెవరు, నాయిక ఎవరు, వాళ్లకొచ్చిన చిక్కేమిటి అన్నవి చకచకా చెప్పుకొచ్చి, సరిగ్గా ముడి బిగుసుకున్న చోట ఠక్కున ఆపేసి, మిగతా కథ వెండితెరపై చూడమనేవారు. అందులో తప్పేమీ లేదు. ఆ పుస్తకం చదివిన మనిషి టిక్కెట్టు కొనాలి. ముగింపు చెప్పేస్తే ఎందుకు కొంటాడు?

ఈ రోజు మనం మాట్లాడుకోబోయే పేజీ దీనికి పూర్తిగా ఎదురు. ఇంగ్లీషులో నవల రాసినవారు దాన్ని సాహిత్య ఏజెంటుకు పంపేటప్పుడు జతపరిచే సినాప్సిస్ అది. మనం దాన్ని కథాసంగ్రహం అందాం. అందులో కథ మొదటి నుంచి చివరి దాకా, ముగింపుతో సహా, ఒక్క పేజీలో ఉండాలి.

ముందుగా ఈ ఏజెంటు ఎవరో తెలుసుకుందాం. తెలుగులో నవల రాసినవారు నేరుగా పత్రిక సంపాదకుడికో, ప్రచురణకర్తకో పంపుతారు. మధ్యలో మరో మనిషి ఉండడం మనకు పెద్దగా అలవాటు లేదు. బ్రిటన్, అమెరికాలలో పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు ఏజెంటు ద్వారా వచ్చిన రాతప్రతులనే చూస్తాయి. మన దేశంలోనూ ఇంగ్లీషు ప్రచురణ రంగంలో ఏజెంట్లు ఉన్నారు. రచయిత తరఫున ప్రచురణకర్తతో మాట్లాడి, ఒప్పందం కుదిర్చి, వచ్చిన రాబడిలో సాధారణంగా 15 శాతం, విదేశీ హక్కులైతే 20 శాతం వరకు కమీషన్ తీసుకోవడం వాళ్ల పని. పుస్తకం అమ్ముడైతేనే వాళ్లకు డబ్బు. కాబట్టి చదవడానికే రుసుము కట్టమనే ఏజెంటు ఎదురైతే వెనక్కి తగ్గండి.

ఏజెంటు మొదటే నవలంతా పంపమని అడగరు. ఒక ఉత్తరం, మొదటి రెండు మూడు అధ్యాయాలు, ఒక పేజీ కథాసంగ్రహం పంపమంటారు. ఉత్తరం మీరెవరో, ఏ రకం నవల రాశారో చెబుతుంది. మొదటి అధ్యాయాలు మీకు వాక్యం రాయడం వచ్చో రాదో చెబుతాయి. కాని మూడు అధ్యాయాలు బాగా రాసి, ముప్పైయో అధ్యాయంలో దారి తప్పిన నవలలు కోకొల్లలు. మొదలుపెట్టిన కథను ఈ రచయిత గట్టు చేర్చగలిగారా లేదా అన్నది ఆ ఒక్క పేజీ చూస్తేనే తెలుస్తుంది. ముగింపు దాచిపెడితే, ఆ పేజీ ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో ఆ ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక డిగ్రీ విద్యార్థిని ఇంగ్లీషులో తాను రాసిన నవలకు కథాసంగ్రహం తయారుచేసి నాకు చూపించింది. భాష చక్కగా ఉంది. చివరి వాక్యం మాత్రం ఒక ప్రశ్న: ఆ రాత్రి తలుపు తట్టింది ఎవరు? ‘ఎవరమ్మా?’ అని అడిగాను. ‘చెప్పేస్తే ఎలాగండీ, చదివితే తెలియాలి కదా’ అంది. ఆ నవలకు ఆమె నాలుగేళ్లు పెట్టింది. ఆ ఒక్క ప్రశ్నార్థకం చూసి ఏజెంటు కాగితం పక్కన పెట్టేస్తే, నాలుగేళ్ల పని చదవకుండానే వెనక్కి వచ్చినట్టు. తప్పు ఆమెది కాదు. మనమంతా ఆ పాటల పుస్తకాలు, పుస్తకాల వెనక అట్టలు చూసి పెరిగినవాళ్లమే. అవి పాఠకుడిని ఊరించడానికి రాసినవి. ఏజెంటు ఆ అర్థంలో పాఠకుడు కాడు. ఇల్లు కొనేముందు ప్లాను చూసే ఇంజనీరులాంటివాడు.

ఇక అసలు పనిలోకి దిగుదాం. మనందరికీ తెలిసిన కథ ఒకటి తీసుకుంటే సులభం. శరత్ చంద్ర ఛటోపాధ్యాయ ‘దేవదాసు’ నవల 1917లో బెంగాలీలో పుస్తకంగా వచ్చింది. 1953లో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన సినిమా వల్ల తెలుగువారికి అది సొంత కథే అయిపోయింది. ఇక్కడ మాత్రం నవలలోని కథనే తీసుకుందాం. ఇది ఇంకా అచ్చు కాలేదని, మీరే రాసి ఏజెంటుకు పంపుతున్నారని అనుకోండి.

మొదటిసారి రాసేవాళ్లు చాలామంది ఇలా రాస్తారు: ‘దేవదాసు, పార్వతి బాల్యస్నేహితులు. అంతస్తులు వారిని విడదీస్తాయి. విరహంలో కూరుకుపోయిన దేవదాసు జీవితంలోకి చంద్రముఖి వస్తుంది. పార్వతికి ఇచ్చిన మాట అతను నిలబెట్టుకుంటాడా? ప్రేమ గెలుస్తుందా?’ ఇది వెనక అట్టకు పనికొస్తుంది. ‘అంతస్తులు విడదీస్తాయి’ అన్న మాట చూడండి. ఎవరు ఏం చేశారు? ఎవరు కాదన్నారు, ఎవరు వెనక్కి తగ్గారు? ఏజెంటుకు కావలసింది అది. ఆ వాక్యంలో మనుషులే లేరు.

రెండో రకం తప్పు దీనికి వ్యతిరేకం. వారపత్రికల్లో సీరియల్ వచ్చేటప్పుడు ప్రతి భాగానికీ పైన ‘జరిగిన కథ’ అని ఉండేది, గుర్తుందా? దాన్నే సాగదీసినట్టు అధ్యాయానికి రెండు వాక్యాలు చొప్పున రాస్తూ పోతారు. ‘తర్వాత దేవదాసు కలకత్తా వెళ్తాడు. తర్వాత చున్నీలాల్ పరిచయమవుతాడు. తర్వాత చంద్రముఖిని చూస్తాడు.’ అన్నీ జరుగుతాయి, కాని ఏదీ దేనివల్లా జరగదు. పైగా పేజీ మధ్యకు వచ్చేసరికి తొమ్మిది పేర్లు పోగవుతాయి. ఏజెంటు ఆ పేర్లను ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. అన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు.

మరి ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? నేను నమ్మే పద్ధతి ఒకటుంది. ముగింపు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవడం. ముందు ముగింపును ఒక్క వాక్యంలో రాయండి: దేవదాసు పార్వతి అత్తవారింటి ముందు, ఆమె లోపల ఉండగానే, ఆమెకు తెలియకుండా చనిపోతాడు. ఇప్పుడు ప్రశ్న వేయండి. ఎక్కడో రైలెక్కి ఇంటికి పోతున్న రోగి అక్కడికే ఎందుకు వచ్చాడు? చనిపోయేలోగా ఒకసారి వస్తానని ఆమెకు మాటిచ్చాడు గనక. కాబట్టి ఆ మాట ఇచ్చిన ఘట్టం ఉండి తీరాలి. ఆమె అలాంటి మాట ఎందుకు అడగాల్సి వచ్చింది? అతను తాగుడులో పడి నాశనమవుతున్నాడు గనక. ఎందుకు తాగాడు? ఆమె దక్కలేదని అనేస్తాం. కాని అంతకన్నా కచ్చితమైన జవాబు ఉంది. ఆమె తనంతట తాను అర్ధరాత్రి అతని గదికి వచ్చి అడిగినప్పుడు అతను తడబడ్డాడు. తర్వాత ఉత్తరం రాసి వదిలించుకోబోయాడు. పోగొట్టుకున్నది అతనే. ఇది తెలిస్తేనే ఆ తాగుడుకు అర్థం.

ఇలా వెనక్కి నడిస్తే ఐదారు మెట్లు దొరుకుతాయి. తల్లిదండ్రుల నిరాకరణ, ఆ రాత్రి, ఉత్తరం, తిరిగివచ్చినప్పుడు పార్వతి కాదనడం, ఇచ్చిన మాట, ఆఖరి ప్రయాణం. ఈ దారిలో కాలు పడని పాత్రలను పేజీలోకి రానివ్వనక్కర్లేదు. చున్నీలాల్ ‘ఒక స్నేహితుడు’ అయిపోతాడు. నమ్మకస్తుడైన ధర్మదాసు ‘నౌకరు’ అవుతాడు. పార్వతి భర్తకు కూడా పేరు అవసరం లేదు. పెద్ద వయసు జమీందారు అంటే చాలు.

మరి చంద్రముఖి? ఆమె లేకపోయినా దేవదాసు ఆ గుమ్మం ముందే చనిపోతాడు కదా, తీసేద్దామా? ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఆమె లేకపోతే దేవదాసు చూసేవాళ్లు లేక చనిపోయినట్టు కనిపిస్తుంది. ఆమె అతణ్ణి వెతికి, సేవచేసి బతికిస్తుంది. అయినా అతను ఆమె దగ్గర ఉండిపోడు. బతికే దారి దొరికి కూడా తీసుకోలేదన్న సంగతి ముగింపు అర్థాన్నే మార్చేస్తుంది. అందుకని ఆమె పేరుతో సహా ఉండాలి. కాని ఆమె పల్లెకు వెళ్లి బతికిన రోజుల కథ, నవలలో ఎంత బాగున్నా, ఇక్కడ చోటు లేదు. రచయితకు అన్నిటికన్నా కష్టమనిపించేది ఈ కోతే.

ఇప్పుడు పేజీ రాసి చూద్దాం. ఇంగ్లీషులో ఒక పేజీ అంటే సుమారు 500 పదాలు. తెలుగులో మన మాటలు పొడుగు గనక అదే విషయానికి అంతకన్నా చాలా తక్కువ పదాలు పడతాయి. నవల ఏ కాలంలో, ఎవరి గొంతుతో చెప్పినా, కథాసంగ్రహం ‘వస్తాడు, అంటుంది’ అని వర్తమానంలో, బయటివాడు చెబుతున్నట్టుగా రాయడం ఆనవాయితీ.

‘బెంగాల్‌లోని తాల్‌సోనాపూర్‌లో జమీందారు కొడుకు దేవదాసు, పొరుగింటి పార్వతి చిన్ననాటి నుంచి ఒకరినొకరు విడిచి ఉండలేని స్నేహితులు. దేవదాసును చదువుకు కలకత్తా పంపుతారు. అతను ఎదిగి వచ్చేసరికి పార్వతికి పెళ్లి ప్రయత్నాలు మొదలవుతాయి. ఆమె నాయనమ్మ దేవదాసు సంబంధం కదుపుతుంది. కన్యాశుల్కం పుచ్చుకునే వంశమని, పైగా పక్కిల్లని అతని తల్లిదండ్రులు ఒప్పుకోరు. అవమానపడిన పార్వతి తండ్రి వేరే ఊళ్లో పెద్ద వయసు జమీందారుతో ఆమెకు సంబంధం కుదురుస్తాడు.

పార్వతి పరువుకు వెరవకుండా అర్ధరాత్రి దేవదాసు గదికి వచ్చి తనను స్వీకరించమని అడుగుతుంది. అతను తండ్రిని ఎదిరించి నిలవలేక కలకత్తా వెళ్లిపోయి, ఆశ వదులుకొమ్మన్నట్టు ఆమెకు ఉత్తరం రాస్తాడు. వెంటనే పశ్చాత్తాపపడి తిరిగి వచ్చి పెళ్లాడతానంటాడు. ఈసారి పార్వతి ఒప్పుకోదు. తన తల్లిదండ్రులకూ పరువుందంటుంది. ఆవేశంలో దేవదాసు చేతిలోని గాలపు కర్రతో ఆమె నుదుటిమీద కొడతాడు. ఆ మచ్చతోనే పార్వతి పెళ్లి చేసుకుని వెళ్లిపోతుంది.

కలకత్తాలో ఒక స్నేహితుడు దేవదాసును చంద్రముఖి అనే వేశ్య ఇంటికి తీసుకెళ్తాడు. దేవదాసు ఆమెను అసహ్యించుకుంటాడు. ఆ అసహ్యమే ఆమెను కదిలిస్తుంది. అతణ్ణి ప్రేమించి వృత్తి వదిలేస్తుంది. అతను మాత్రం తాగుడులో కూరుకుపోతాడు. తండ్రి చనిపోయి ఊళ్లో ఉన్నప్పుడు, పుట్టింటికి వచ్చిన పార్వతి అతణ్ణి కలిసి, తాగుడు మానమని, తన ఇంటికి వచ్చి సేవ చేయనివ్వమని అడుగుతుంది. తాగుడు మానతానని దేవదాసు మాట ఇవ్వలేడు. చనిపోయేలోగా ఒకసారి వస్తానని మాత్రం మాటిస్తాడు.

తాగి వీధిలో పడి ఉన్న దేవదాసును చంద్రముఖి వెతికి పట్టుకుని, సేవచేసి బతికిస్తుంది. ఆమె ప్రేమను గుర్తించినా అతను ఆమెతో ఉండిపోలేక, నౌకరును వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతాడు. జబ్బు తిరగబెడుతుంది. ఇక బతకనని గ్రహించి, ఇంటికి వెళ్లే రైల్లో నిద్రపోతున్న నౌకరును వదిలి మధ్యలో దిగి, ఎడ్లబండిలో పార్వతి ఊరికి బయలుదేరుతాడు. రాత్రివేళ ఆమె ఇంటి ముందు చెట్టు కిందికి చేరి, తెల్లవారాక ఎవరూ ఎరుగని మనిషిగా చనిపోతాడు. దిక్కులేని శవంగా అతణ్ణి తీసుకుపోయాక గాని, చనిపోయింది ఎవరో పార్వతికి తెలియదు. ఆమె వీధిలోకి పరుగెడుతుంది. ఇంటివారు ఆమెను పట్టుకుని ఆపుతారు. ఆమె స్పృహతప్పి పడిపోతుంది.’

ఇందులో పేరున్నవాళ్లు ముగ్గురే. ‘తర్వాత’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఒక్కో పేరాలో ఎవరో ఒకరు ఒక నిర్ణయం తీసుకుంటారు, దాని ఫలితం కింది పేరాకు దారి తీస్తుంది. ప్రేమ ఎంత గొప్పదో, సమాజం ఎంత క్రూరమైనదో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. గాలపు కర్ర దెబ్బ, బండి ప్రయాణం ఆ పని చేస్తాయి. అలాగే, గుండెలు పిండేసే నవల అని రచయితే రాసుకుంటే ఏజెంటు నమ్మడు.

ఇప్పుడు ఆ పేజీని ఏజెంటు కళ్లతో ఒకసారి చదవండి. ఒక సంగతి మీకే తడుతుంది. మొదటి సగం తర్వాత దేవదాసు తనంతట తాను చేసేది చాలా తక్కువ. వచ్చి అడిగేది పార్వతి, వెతికి పట్టుకునేది చంద్రముఖి. అతని సొంత నిర్ణయం మళ్లీ కనిపించేది రైలు దిగినప్పుడే. నవల చదువుతున్నప్పుడు శరత్ రాతలోని ఆర్ద్రత వల్ల ఈ ఖాళీ మనకు తెలియదు. ఒక్క పేజీకి కుదించేసరికి ఎముకల గూడులా బయటపడుతుంది. శరత్‌కు అది లోపం కాదు. నిర్ణయం తీసుకోలేని మనిషి కథే ఆయన రాశాడు, ఆఖరి ప్రయాణానికి అంత బలం రావడానికి కారణం కూడా అదే. కాని మీ సొంత నవలకు కథాసంగ్రహం రాస్తున్నప్పుడు మధ్య పేరాలో క్రియాపదాలు దొరక్కపోతే, ‘కాలం గడుస్తుంది’, ‘సంఘర్షణకు లోనవుతాడు’ వంటి మాటలతో పూడ్చాల్సివస్తే, చిక్కు పేజీలో లేదు, నవలలో ఉంది. అప్పుడు పేజీని మెరుగుపెట్టడం మాని రాతప్రతి తీసి ఆ అధ్యాయాలు మళ్లీ చదవండి. పంపకముందే తెలిసింది గనక నష్టం లేదు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ‘బారిస్టరు పార్వతీశం’ లాంటి హాస్య నవలను ఒక పేజీకి కుదిస్తే మొగల్తూరు నుంచి ఓడలెక్కి చదువుకు పోయిన కుర్రవాడి ప్రయాణం మిగులుతుంది, నవ్వు మాయమవుతుంది. అలాంటి నవలకు మొదటి అధ్యాయాలే న్యాయం చేయాలి. ఆ సంగతి ఏజెంట్లకూ తెలుసు. నేరపరిశోధన నవల రాసినవారు హంతకుడి పేరు చెప్పడానికి మరీ వెనకాడతారు. కాని అక్కడే ముగింపు మరింత అవసరం, ఎందుకంటే ఆధారాలన్నీ చివరి జవాబుకు అతుకుతున్నాయా అన్నదే ఆ నవలకు పరీక్ష. హంతకుడెవరో, ఎలా దొరికాడో రెండూ రాయండి. కథ మధ్యలో మొదలై వెనక్కి వెళ్లే నవల అయితే, గందరగోళం లేకుండా జరిగిన వరుసలో చెప్పేసి, నవల ఎక్కడ మొదలవుతుందో ఒక్క వాక్యంలో సూచిస్తే సరిపోతుంది.

కథంతా చెప్పేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని విద్యార్థులు నన్ను తరచు అడుగుతారు. మన 1957 కాపీరైట్ చట్టం మీరు రాసిన రచనను కాపాడుతుంది, ఒట్టి ఊహను కాదు. ఆ మాట నిజమే. కాని ఏజెంటుకు ఊహతో పనిలేదు. అతనికి రాబడి వచ్చేది పూర్తయిన నవల అమ్ముడైనప్పుడే. ఆ నవల మీ దగ్గర ఉంది.

కాగితం సంగతి కొద్దిగా చెబుతాను. పైన నవల పేరు, మీ పేరు, నవల ఏ రకమో, మొత్తం ఎన్ని పదాలో రాయండి. ఇంగ్లీషులో పాత్ర పేరు మొదటిసారి వచ్చినప్పుడు పెద్దక్షరాల్లో కొడతారు. తెలుగులో రాస్తే ముద్దక్షరాల్లో పెట్టవచ్చు. పేజీ దాటిపోతోందని అక్షరాల సైజు తగ్గించకండి, అంచులు కుదించకండి. ఏజెంటు రోజంతా ఇలాంటి కాగితాలే చూస్తాడు, ఇట్టే పట్టేస్తాడు. ఒక వాక్యం కొట్టేయండి. ఏజెంటు రెండు పేజీలు అడిగితే రెండు, 300 పదాలు అడిగితే 300. వాళ్ల సూచనల ముందు నేను చెప్పిన లెక్క చెల్లదు.

పంపేముందు మీ నవల చదవని స్నేహితుడికి ఆ పేజీ ఇవ్వండి. చదివాక కాగితం తిరిగి తీసేసుకుని, కథ చెప్పమనండి. అతను ఎక్కడైనా ఆగి ‘అదెందుకు చేసింది?’ అని మిమ్మల్ని అడిగితే, అక్కడ ఒక మెట్టు జారిపోయిందన్నమాట. ముగింపు చెప్పలేకపోతే మీరింకా వెండితెర మీద చూడమంటున్నారన్నమాట. నేను చెప్పిన విద్యార్థిని అదే పని చేసింది. తలుపు తట్టింది ఆమె కథానాయిక తండ్రేనని, పన్నెండేళ్ల క్రితం ఇల్లు వదిలిపోయాడని, ఆమె తలుపు తీయలేదని రాసింది. ఆ మూడు ముక్కలు చదివాక ఆ నవల తెచ్చివ్వమని నేనే అడిగాను.

ఈ పేజీతో పాటు పంపే ఉత్తరం ఎలా రాయాలో వచ్చే ప్రసంగంలో చూద్దాం. ఈలోగా మీకు బాగా నచ్చిన నవల ఒకటి తీసుకుని, చివరి పేజీ నుంచి వెనక్కి నడిచి చూడండి.